దురద లేని మచ్చలు

పక్కింటి కాజాల పిన్ని కుళాయి దగ్గర అన్న మాట మూడు బిందెలు మారి, ఆవిరమ్మ చెవిన పడేసరికి ఇలా తయారైంది. "కడుపుతో ఉన్న పిల్లని బ్లీచింగు నీళ్ళల్లో నిలబెట్టి ఉతికిస్తోందట. ఆ పిల్ల చేతులు చూడాలి, తుప్పు పట్టినట్టు అయిపోయాయట. పాదాలూ అంతేనట. కోడల్ని తెచ్చుకుందో, ఉతికే మెషీన్ని తెచ్చుకుందో!"

ఆవిరమ్మకి ఆ పేరు ఆస్పత్రి లాండ్రీలో వచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా ఆవిరి బాయిలరు పక్కన నిలబడి దుప్పట్లు ఉడకబెట్టిన మనిషి. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. మెషీన్లు రెండున్నా ఒకటి ఎప్పుడూ రిపేరులోనే ఉంటుంది కాబట్టి, ఆపరేషన్ గదుల బట్టలు, కాన్పుల వార్డు దుప్పట్లు సిమెంటు తొట్లలో బ్లీచింగు పోసి నానబెట్టి, కాళ్ళతో తొక్కి, చేతులతో పిండాల్సిందే. రబ్బరు బూట్లు ఇచ్చారు, లేదనడానికి లేదు. అవి మగవాళ్ళ సైజు. వేసుకుని తొట్లోకి దిగితే బూటు అక్కడే ఉండిపోయి మనిషి మాత్రం ముందుకు పడుతుంది. అందుకని అవి స్టోరులోనే ఉంటాయి.

కాజాల పిన్ని మాట విని ఆవిరమ్మ ఊరుకునే రకం కాదు. చొక్కాలకి కాజాలు కుట్టుకునే మనిషికి తన తొట్ల సంగతి ఎందుకని నాలుగు గుమ్మాలకి వినబడేలా కడిగిపారేసింది.

"కుట్టడానికి చొక్కాలు చాల్లేదా, నా కొంపకి కూడా కాజాలు పెడుతోంది!"

అయినా మాట ముల్లులా దిగింది. మర్నాడే, తనతో పాటే లాండ్రీలో పనిచేస్తున్న కోడల్ని తొట్ల దగ్గర నుంచి తప్పించి, లోపల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. అక్కడ ఆరిన దుప్పట్లు మడతపెట్టడమే పని. నీళ్ళు ముట్టనక్కర్లేదు.

కోడలి చేతులకి మచ్చలు వచ్చిన మాట నిజమే. ఆరో నెల నడుస్తుండగా అరచేతుల్లో, కొన్ని పప్పుగింజంత, కొన్ని కందిగింజంత, పాత రాగి చెంబు రంగులో మచ్చలు లేచాయి. వారం తిరక్కుండా అరికాళ్ళలోనూ వచ్చాయి. కొన్నిటి అంచున పల్చగా పొట్టు లేస్తోంది. నొప్పి లేదు, దురద లేదు.

"డాక్టరుకి చూపించుకుంటాను అత్తయ్యా," అంది కోడలు అప్పట్లోనే.

"చూపించుకో. ఎలర్జీ అని చీటీ రాస్తాడు. ఆ చీటీ చూసి సూపర్‌వైజరు రేపట్నించీ రావద్దంటాడు. ఇది బ్లీచింగు మచ్చే అమ్మాయ్. నా చేతులు చూడు, ఇరవై ఆరేళ్ళ సర్టిఫికెట్టు ఇది."

ఆవిరమ్మ చేతులు పగిలి, తెల్లబడి, వేళ్ళ సందుల్లో ఎర్రగా చిట్లి ఉండేవి. రాత్రిళ్ళు మంచం కోడుకేసి గోక్కునేది. కోడలి చేతులు పగల్లేదు, గోకుడూ లేదు. ఆ తేడా ఆవిరమ్మ కంటికి కనబడింది, కానీ కొత్త చర్మం, ఇంకా ముదరలేదు అని సరిపెట్టుకుంది. పైగా ఆమె దగ్గర ఇంకో గట్టి సాక్ష్యం ఉంది. నాలుగు నెలల కిందట కొడుక్కీ అచ్చం ఇలాగే వచ్చాయి. వాడు టైల్స్ పరిచే మేస్త్రీ. ఎక్కడో పెద్ద కట్టడం పని మీద రెండు నెలలు ఉండి వచ్చాడు. అరచేతుల నిండా మచ్చలు. సిమెంటు తినేసిందని ఆవిరమ్మ తేల్చి, కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి రోజూ పడుకునే ముందు రాసింది. రెండు వారాల్లో మచ్చలు మాయం. అదే సీసాలో మిగిలిన నూనె ఇప్పుడు కోడలికి రాస్తోంది.

"వాడికి పోలేదూ? నీకూ పోతాయి. నా నూనె ముందు ఏ చర్మం డాక్టరూ పనికిరాడు."

నూనె అయిపోయింది. ఇంకో సీసా కాచింది. మూడు వారాలు గడిచాయి.

మడతపెట్టిన దుప్పట్లు వార్డులకి లెక్కపెట్టి ఇచ్చే పని కూడా కోడలికే పడింది. ఆ రోజు కాన్పుల వార్డులో పెద్ద నర్సమ్మ దుప్పట్లు తీసుకుంటూ, లెక్క మధ్యలో ఆగిపోయింది.

"చెయ్యి ఇలా పెట్టు."

"బ్లీచింగమ్మా," అంది కోడలు, చెయ్యి వెనక్కి లాక్కుంటూ.

"పెట్టమన్నాను." నర్సమ్మ ఆ చేతిని కిటికీ వెలుగులోకి తిప్పింది. "దురదా?"

"లేదమ్మా."

"మంట?"

"అదీ లేదు. అసలు ఉన్నట్టే తెలీదు. మా అత్తయ్యకైతే బ్లీచింగు పడి రాత్రంతా గోకుడే."

"చెప్పులు విప్పు."

కోడలు గోడ పట్టుకుని ఒక కాలు ఎత్తింది. అరికాలి గుంటలో, నేల కూడా తగలని చోట, అవే మచ్చలు.

"తొట్లోకి దిగి ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు దాటిందమ్మా. మడతల్లోకి మార్చారు."

"నీళ్ళు మానేశావు, మచ్చలు మానలేదు. ఇది బ్లీచింగు ఎలా అవుతుందే? పిల్లా, ఈ మధ్య జ్వరం గానీ, గొంతు నొప్పి గానీ?"

"పోయిన నెల వారం రోజులు ఒళ్ళు వెచ్చగా ఉంది. గొంతు కూడా. కడుపుతో ఉంటే మామూలేనన్నారు."

నర్సమ్మ ఆమె తలకొంగు తీసి చూసింది. చెవి వెనకాల జుట్టు పురుగు కొట్టిన కంబళిలా అక్కడక్కడ పలచబడి ఉంది. దుప్పట్ల లెక్క ఇంకొకరికి అప్పగించి, ఆ పిల్లని చెయ్యి పట్టుకుని చర్మవ్యాధుల గదికి తీసుకెళ్ళింది. దారిలో చూసిన లాండ్రీ మనిషి ఒకామె పరుగున వెళ్ళి ఆవిరమ్మకి చెప్పింది. ఆవిరమ్మ తడి చీరతోనే వచ్చి గది బయట నిలబడింది. లోపలికి రావద్దన్నారు.

"నా కోడలు. నేనెందుకు రాకూడదు?"

"ముందు ఆమెతో మాట్లాడాలమ్మా. తర్వాత ఆమె రమ్మంటే వద్దురుగాని," అంది చర్మం డాక్టరమ్మ, తలుపు దగ్గరగా వేస్తూ.

డాక్టరమ్మ మచ్చల్ని వేలితో నొక్కి చూసింది. వీపు మీద కూడా పల్చగా ఉన్నాయని కోడలికి అప్పుడే తెలిసింది. నోట్లో లైటు వేసి చూసింది. తర్వాత మోచేతికి కాస్త పైన, లోపలివైపు తడిమింది. అక్కడ గోలీకాయంత గడ్డ వేలి కింద జారింది. నొప్పి లేదు.

"చూడమ్మా," అంది డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, "అరచేతుల్లో, అరికాళ్ళలో, దురద లేకుండా, ఈ రాగి రంగులో మచ్చలు వస్తే మేం ముందుగా ఒక జబ్బు ఉందో లేదో తేల్చుకుని తీరాలి. సిఫిలిస్ అంటారు. సుఖవ్యాధి. మొదట ఎక్కడో ఒక పుండు వస్తుంది, నొప్పి ఉండదు, ఆడవాళ్ళకి లోపల వస్తే తెలియనే తెలియదు. అది మానిపోయాక కొన్ని వారాలకి ఇలా పైకి తేలుతుంది. ఇదీ దానంతటదే పోతుంది. పోతే జబ్బు పోయిందని కాదు, లోపల దాక్కుందని. ఎలర్జీ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. కానీ రక్తం చూడకుండా ఎలర్జీ అని పంపించడానికి లేదు. అందులోనూ నువ్వు కడుపుతో ఉన్నావు. బిడ్డకి వెళ్తుంది."

కోడలికి చాలా మాటలు చెవిన పడలేదు. ఒక్కటి పడింది, సుఖవ్యాధి.

"మూడో నెలలో అన్ని పరీక్షలూ చేశారమ్మా. ఏమీ లేదన్నారు."

"అప్పుడు లేదేమో. ఆ తర్వాత వచ్చి ఉండొచ్చు."

"నేను ఈ గేటూ మా ఇల్లూ తప్ప ఇంకో వీధి ఎరగను."

"నేను ఆ మాట అడగలేదు తల్లీ. అడగను కూడా. బిడ్డ కదులుతోందా?"

కోడలు పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "కదులుతోంది. ఈ నాలుగు రోజుల్నించీ కాస్త మందకొడిగా ఉంది."

డాక్టరమ్మ పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత వేగంగా రాసింది.

రక్తం తీశారు. గంట తిరక్కుండా లాబ్ నుంచి చీటీ వచ్చింది, లేదని. కోడలు ఏడుస్తూ నవ్వుతూ బయటికొచ్చింది. ఏ పరీక్షో ఎందుకో తెలియకపోయినా ఆవిరమ్మ ముఖం విచ్చుకుంది.

"చెప్పానా? బ్లీచింగే. ఇరవై ఆరేళ్ళ చేతులు అబద్ధం చెబుతాయా? పద, తొట్టి నిండా బట్టలున్నాయి."

"ఆగండి," అంది డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి. "చేతులు ఒకటి చెబుతున్నాయి, చీటీ ఇంకోటి చెబుతోంది. నేను చేతుల్నే నమ్ముతాను." అక్కడే నిలబడి లాబ్‌కి ఫోన్ చేసింది. "సీరం అలాగే వేశారా? పలచన చేసి మళ్ళీ వెయ్యండి. వరసగా పలచన చేస్తూ పోండి. రెండో రకం పరీక్ష కూడా పెట్టండి. ఇప్పుడే."

ఫోన్‌లో అవతలాయన ఏదో గొణిగాడు. "నాకు తెలుసు లేదని వచ్చిందని. అందుకే చెబుతున్నాను," అందామె.

ఆవిరమ్మకి చిర్రెత్తింది. "లేనిదానికి నీళ్ళు కలిపితే ఉన్నది అవుతుందా డాక్టరమ్మా?"

డాక్టరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది, కోపంగా కాదు. "మా డాక్టర్ల కోట్లకి గంజి పెడతావు కదా. గంజి మరీ చిక్కగా ఉంటే ఏమవుతుంది?"

"పట్టదు. పైన అట్టలా తేలిపోతుంది. నీళ్ళు పోసి పలచన చెయ్యాలి."

"ఇదీ అలాంటిదే. ఈ పరీక్షలో రక్తం గడ్డలు గడ్డలుగా పట్టాలి. రక్తంలో ఆ గుర్తు మరీ ఎక్కువైతే పట్టదు. లేనట్టే కనిపిస్తుంది."

గంజి మాటకి ఆవిరమ్మ తల ఊపింది. అది తన విద్య. దాన్ని కాదనలేదు.

అరగంటకి లాబ్ ఆయన తనే స్వయంగా వచ్చాడు, చీటీ చేత్తో పట్టుకుని. మనిషి కాస్త చిన్నబోయి ఉన్నాడు. నూట ఇరవై ఎనిమిది రెట్లు పలచన చేసినా గడ్డలు కట్టిందట. రెండో పరీక్ష కూడా అదే చెప్పిందట.

ఈసారి తలుపు తీసి కోడలే పిలిచింది. "అత్తయ్యా, మీరూ రండి. మీరూ వినండి."

విన్నాక ఆవిరమ్మ కోడలి వైపు చూసిన చూపుంది, అది రాయడానికి మంచి చూపు కాదు. కోడలు ఆ చూపుని తప్పించుకోలేదు, ఎదురుగా పట్టుకుంది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఈ మధ్య ఇలా అరచేతులకి వచ్చిందా?" అడిగింది డాక్టరమ్మ.

"మావాడికి వచ్చిందిగా," అంది ఆవిరమ్మ గర్వంగానే. "నాలుగు నెలల కిందట. ఇదే రంగు, ఇదే చోటు. నేను నూనె కాచి రాస్తే రెండు వారాల్లో..."

నోరు వాక్యం పూర్తి చేసే లోపు బుర్ర అందుకుంది. ఆవిరమ్మ నెమ్మదిగా బల్ల మీద కూర్చుంది. కోడలి వైపు మళ్ళీ చూడాలంటే మెడ తిరగలేదు.

ఆ మధ్యాహ్నమే స్కానింగు తీశారు. బిడ్డ గుండె కొట్టుకుంటోంది. కానీ కాలేయం ఉబ్బింది, పొట్టలో నీరు చేరింది, మావి మందంగా అయింది. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. పెన్సిలిన్ సూది తల్లి జబ్బుని తప్పకుండా తీసేస్తుంది, బిడ్డకీ చేరుతుంది, కానీ బిడ్డ ఇప్పటికే చాలా దెబ్బతింది. సూది వేసిన రోజు జ్వరం రావచ్చు, నొప్పులు రావచ్చు, అందుకని వార్డులోనే ఉండాలి. "నెల ముందు వచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో," అంది. అనకుండా ఉండాల్సిందని అనిపించిందేమో, వెంటనే కాగితాల్లోకి తల దించుకుంది.

ఒంటికి పడుతుందో లేదోనని ముందు కొంచెం మందు వేసి చూసి, తర్వాత రెండు తుంట్లకీ రెండు పెద్ద సూదులు వేశారు. కోడలు మూలగలేదు. బాగా నొప్పి పుట్టే సూది అది.

కొడుకు సాయంత్రానికి వచ్చాడు. పని చోటి నుంచి సరాసరి వచ్చాడు, కనుబొమల మీద తెల్లగా సిమెంటు పొడి. డాక్టరమ్మ పక్కకి పిలిచి మాట్లాడతానంది. కోడలు మంచం మీంచి "ఇక్కడే మాట్లాడండమ్మా, ఇంకా దాచేదేముంది?" అంది.

"మీ రక్తం కూడా చూడాలి," అంది డాక్టరమ్మ. "చూసినా చూడకపోయినా మీకూ మందు వెయ్యాలి. లేకపోతే మళ్ళీ ఒకరి నుంచి ఒకరికి..."

"నాకు వేశారండి," అన్నాడు.

"ఏం వేశారు?"

"ఈ సూదే. నాలుగు నెలలైంది. పని మీద వెళ్ళిన చోట ఆస్పత్రిలో. అక్కడో తప్పు పని చేశాను. చేతులకి మచ్చలొస్తే, మా కాంట్రాక్టరు తీసుకెళ్ళాడు."

"భార్యని తీసుకురమ్మని చెప్పలేదా వాళ్ళు?"

"చెప్పారు. చీటీ కూడా రాసిచ్చారు. ఈవిడకి కూడా వెయ్యాలి, కడుపుతో ఉంటే మరీ ఆలస్యం చెయ్యొద్దు అన్నారు." వాడు నేల మీద టైల్స్ అతుకులు చూస్తున్నాడు, ఎవడో పని సరిగ్గా చెయ్యలేదన్నట్టు. "కానీ ఆ సూదికి ముందే మధ్యలో ఒకసారి ఇంటికి వచ్చి వెళ్ళాను."

ఆవిరమ్మ లేచి నిలబడింది. "ఒరే, మరి నేను రోజూ నూనె రాసింది?"

"రాస్తానన్నావు. రాయించుకున్నాను."

వాడి చెంప పగలగొడుతుందని నర్సమ్మ ఒక అడుగు ముందుకేసింది. ఆవిరమ్మ కొట్టలేదు. తన రెండు చేతులూ ముందు పెట్టుకుని చూసుకుంది. ఆ నూనె రాసిన చేతులు. ఆ నూనె పనిచేసిందని నమ్మి, కోడల్ని మూడు వారాలు డాక్టరు గుమ్మం ఎక్కకుండా ఆపిన చేతులు. తర్వాత చీర కొంగు బిగించుకుని లాండ్రీకి వెళ్ళిపోయింది.

సూది వేసిన ఆరుగంటలకి జ్వరం వచ్చింది, చెప్పినట్టే. మర్నాటికి దిగింది. మచ్చలు వాడడం మొదలుపెట్టాయి. మూడో రోజు పొద్దున నర్సమ్మ బిడ్డ గుండె వినే గొట్టం పొట్ట మీద పెట్టి చాలాసేపు వెతికింది. పక్కకి జరిపింది. కిందకి జరిపింది. కోడలు ఆమె ముఖం వైపు చూడలేదు, ఆమె చేతి వైపే చూసింది. ఆ చెయ్యి ఆగిపోయింది.

నొప్పులు తెప్పించి సాయంత్రానికి కాన్పు చేశారు. ఆడపిల్ల. నర్సమ్మ తూచి పుస్తకంలో రాసుకుంది. అరచేతులు తెరిచి చూడాలని ఉందని కోడలు అడిగింది. నర్సమ్మ ఒక్క క్షణం తటపటాయించి, గుడ్డ తొలగించి చూపించింది.

ఆ రోజు కాన్పుల వార్డు మూట లాండ్రీకి వచ్చినప్పుడు ఆవిరమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కతే తొట్లోకి దిగింది. ఎంతసేపు తొక్కిందో, పక్కవాళ్ళు "చాల్లే వదినా, దుప్పటి చిరుగుతుంది" అన్నా ఆగలేదు. మిగతా బట్టల జోలికి ఆ రోజు వెళ్ళనే లేదు. సూపర్‌వైజరు వచ్చి ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి బీడీ వెలిగించుకుని వెళ్ళిపోయాడు.

వారం తిరిగాక ఇంకో సూది ఉందని, ఆ తర్వాత మూడు నెలలకొకసారి రక్తం చూపించుకోవాలని, మొగుడు కూడా రావాలని చెప్పి పంపేస్తామన్నారు. ఎయిడ్స్ పరీక్ష కూడా ఇద్దరికీ చేశారు, అది లేదు. డాక్టరమ్మ కోడలి అరచేతులు మళ్ళీ వెలుగులో చూసింది. మచ్చలు పల్చబడి ఎండుటాకు రంగుకి తిరిగాయి. "నువ్వు బాగవుతావు తల్లీ," అంది. కోడలు తల ఊపింది. బాగవడం ఎవరో పక్కింటి వాళ్ళ సంగతన్నట్టు.

వెళ్ళే రోజు మధ్యాహ్నం ఆవిరమ్మ క్యారియరు తెచ్చింది. కోడలికి కంచంలో పెట్టి, కలిపి, ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. పెళ్ళయిన ఈ మూడేళ్ళలో అదే మొదటిసారి. కోడలు తినలేదు, కానీ ఆ చెయ్యిని తోసెయ్యనూ లేదు. ముద్ద అలాగే కాసేపు ఇద్దరి మధ్యా నిలబడి, మళ్ళీ కంచంలోకి దిగింది.

"నేను మూర్ఖురాలిని అమ్మాయ్," అంది ఆవిరమ్మ. "బ్లీచింగే అనుకున్నాను."

"మీకు తెలీదు అత్తయ్యా."

కొడుకు మంచం కాళ్ళ వైపు నిలబడి ఉన్నాడు. నాలుగు రోజుల్నించీ అక్కడే నిలబడుతున్నాడు. పిలిస్తే రావడానికీ, పొమ్మంటే పోవడానికీ సమానంగా దూరంలో. పక్క మంచాల వాళ్ళ మాటలు తగ్గాయి, వినడానికి.

"చెబుదామనే అనుకున్నాను," అన్నాడు. "రోజూ అనుకున్నాను. ఇంటికొచ్చి నీ మొహం చూసేసరికి నోరు రాలేదు. సిగ్గేసింది."

కోడలు మొదటిసారి తల తిప్పి అతని వైపు చూసింది.

"నీ సిగ్గు కిలో మూడొందల గ్రాములుంది. నర్సమ్మ తూచింది."